చీర వెనక్కి వస్తే…

‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.’ బట్టల కొట్టులో గల్లాపెట్టె వెనక కనిపించే ఈ బోర్డు ఇప్పుడు గోడ దిగి ఫోన్‌లోకి వచ్చింది. ఇంట్లో కూర్చుని వాట్సాప్‌లో మంగళగిరి చీరలు అమ్మే గృహిణి కూడా ఫొటోల కింద ‘నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్’ అని పెడుతోంది. అది తనకు రక్ష అనుకుంటోంది.

చట్టం దగ్గర ఆ రక్ష సగమే పనిచేస్తుంది. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా ఇవ్వాలి, రాయకపోతే 30 రోజుల్లోగా. అయితే చీర బాగానే ఉండి, కొన్నావిడ మనసు మారితే? మామూలు అమ్మకాల్లో దాన్ని వెనక్కి తీసుకోవాలన్న నిర్బంధం లేదు. నియమాలు రాసేటప్పుడు ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేయడం వల్లే సగం గొడవలు వస్తాయి.

ఒక చీర లెక్క వేసి చూద్దాం. ధర 2,400 రూపాయలు, కొరియర్ ఒక వైపు 120. ‘రంగు నాకు నప్పలేదండీ’ అని వెనక్కి వస్తే, రెండు వైపులా ఖర్చు అమ్మకందారే భరిస్తే 240 పోతుంది. ఒక్కో చీర మీద మూడు నాలుగు వందలు మిగిలే వ్యాపారంలో అది చాలా దెబ్బ. అదే అంచు దగ్గర చిరుగుతో వస్తే ఆ 240 కొన్నావిడ మీద వేయడం అన్యాయం. అందుకే నియమం ఇలా రెండు ముక్కలుగా ఉండాలి:

‘చిరుగు, మరక ఉన్నా, మీరు అడిగింది కాక వేరే చీర వచ్చినా, అందిన 48 గంటల్లో ఫొటో పంపండి. మొత్తం డబ్బు గానీ వేరే చీర గానీ, మీరు కోరినట్టు. రెండు వైపులా కొరియర్ ఖర్చు మాదే. మొదటిసారి ఉతికినప్పుడు రంగు దిగితే 15 రోజుల్లో చెప్పండి.’

‘నచ్చలేదంటే 3 రోజుల్లో చెప్పండి, వేరే చీర ఇస్తాం, డబ్బు ఇవ్వం. కొరియర్ ఖర్చు మీది. ఫాల్ కుట్టినా, జాకెట్ ముక్క కత్తిరించినా, కొంగుకు కట్టిన ట్యాగ్ తీసినా మార్చలేం.’

రంగు దిగడానికి వేరే గడువు ఎందుకంటే, ఉతికితే గానీ ఆ లోపం బయటపడదు. దాన్ని కూడా 48 గంటల్లో చెప్పమంటే నియమం కాగితం మీదే ఉంటుంది. చేతి నేతలో అక్కడక్కడా కనిపించే చిన్న నూలు ముడి లోపం కాదన్న మాట కూడా ముందే చెప్పాలి, ముడి ఫొటోతో సహా.

ఇక దుర్వినియోగం సంగతి. పెళ్లికి కట్టుకుని, మడత పెట్టి, ‘నచ్చలేదు’ అని పంపేవాళ్లు ఉన్నారు. ట్యాగ్‌ను కొంగు మీద, కట్టుకుంటే దాచలేని చోట కట్టడమే దీనికి విరుగుడు. పాత చీర మార్చి పంపేవాళ్ల కోసం ట్యాగ్ మీద నంబరు వేసి, ఆ నంబరు కనిపించేలా కొంగు, అంచు ఫొటో తీసి పెట్టుకుంటే చాలు. ‘ప్యాకెట్ ఖాళీగా వచ్చింది’ అనేవాళ్ల దగ్గర కొరియర్ రసీదు మీది బరువు సాక్ష్యం చెబుతుంది. అయితే దారిలో ఎవరైనా తీసి ఉండొచ్చు కాబట్టి అదే తుది తీర్పు కాదు.

‘ప్యాకెట్ విప్పుతున్న వీడియో లేకపోతే ఏమీ ఇవ్వం’ అన్న షరతు ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. ఇది అతి. ఇంట్లో పెద్దావిడ ఒక్కతే ఉండి ప్యాకెట్ విప్పిందనుకోండి, వీడియో లేదని చిరుగు చిరుగు కాకుండా పోతుందా? ‘వీడియో ఉంటే అదే రోజు తేలుస్తాం, లేకపోతే ఫొటోలు చూసి మూడు రోజుల్లో చెబుతాం’ అంటే సరిపోతుంది. నిజాయితీగా కొన్నావిడ మూడు రోజులు ఆగుతుంది.

రంగు తగాదా మాత్రం ఏ నియమంతోనూ పూర్తిగా తీరదు. ‘ఫోన్‌లో రంగు కాస్త తేడాగా కనిపిస్తుంది’ అన్న వాక్యం ఛాయ తేడాకే వర్తిస్తుంది గానీ ఆకుపచ్చ అని చూపి నీలం పంపడానికి కాదు. డబ్బు వేసే ముందే పగటి వెలుగులో తీసిన చిన్న వీడియో పంపితే చాలా మటుకు తగాదా రాదు.

నియమాలు ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యమే. ప్యాకెట్ లోపలి చీటీలో ఉన్నవి డబ్బు చెల్లించాక తెలిసినవి, వాటికి కొన్నావిడ ఒప్పుకున్నట్టు కాదు. క్యూఆర్ కోడ్ పంపే సందేశంలో, దాని పైన, ఆ రెండు ముక్కలూ తెలుగులో పెట్టండి.