ఇరవై మూడున్నర గంటలకు ఒక కబురు

భాషలు నేర్పే డ్యువోలింగో యాప్‌లో నిన్న రాత్రి 9 గంటలకు మీరొక పాఠం ముగించారనుకుందాం. ఇవాళ యాప్ తెరవకపోతే ఎనిమిదిన్నర ప్రాంతంలో ఫోన్ మోగుతుంది. పాఠం అయిన 23న్నర గంటలకు గుర్తుచేయాలన్నది ఆ సంస్థ చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. దీని వెనకున్న తర్కాన్ని సంస్థ స్థాపకుల్లో ఒకరైన లూయిస్ వాన్ ఆన్ 2023లో ఒక టెడ్ ప్రసంగంలో చెప్పారు. నిన్న ఏ వేళకు తీరిక దొరికిందో ఇవాళ కూడా ఆ వేళకే దొరికే అవకాశం ఎక్కువట. మనిషి దినచర్య అలాగే నడుస్తుంది మరి. అందుకే అందరికీ ఒకేసారి ఉదయం పదింటికి మోగించే యాప్ కన్నా, ఎవరి వేళ వారికి వదిలేసే యాప్‌ను జనం ఎక్కువగా భరిస్తారు.

యాప్‌ను ఫోన్‌లోకి దించుకోవడం తేలిక, మరిచిపోవడం ఇంకా తేలిక. మొదటి వారంలోనే చాలామంది జారిపోతారు. వాళ్లను మళ్లీ పిలవడానికి తయారీదారు చేతిలో ఉన్న దారి నోటిఫికేషన్. ఆ దారికి తాళంచెవి మాత్రం మన దగ్గరే ఉంటుంది. ఐఫోన్‌లో ముందు నుంచీ అనుమతి అడగాల్సిందే. ఆండ్రాయిడ్‌లో 2022లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి అదే పద్ధతి. ఐఫోన్‌లో ఒకసారి ‘వద్దు’ అని నొక్కితే యాప్ ఆ పెట్టెను మళ్లీ చూపలేదు. మనసు మారితే మనమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోవాలి. ఎవరు వెళ్తారు?

అందువల్ల ఆ ప్రశ్న ఎప్పుడు అడుగుతారన్నది ముఖ్యం. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. గ్రూప్-2కు చదువుకునేవాళ్ల కోసం రోజుకు పది ప్రశ్నలిచ్చే యాప్ ఒకటి ఉంది. గుంటూరులో చదువుకుంటున్న శిరీష దాన్ని ఇన్‌స్టాల్ చేసింది. తెరవగానే ‘నోటిఫికేషన్లు పంపవచ్చా?’ అని అడిగితే ఆమె ‘వద్దు’ అంటుంది. యాప్ ఏమిటో ఇంకా తెలియనే తెలియదు, ఎందుకు ఒప్పుకోవాలి? అదే మొదటి పది ప్రశ్నలూ చేయనిచ్చి, మార్కులు చూపించి, ‘రేపటి పది ప్రశ్నలు ఏ వేళకు గుర్తుచేయమంటారు?’ అని యాప్ తన సొంత తెర మీద అడగాలి. ఆమె ‘రాత్రి 8’ ఎంచుకున్నాకే ఫోన్ వారి అనుమతి పెట్టె రావాలి. సొంత తెర మీద ‘ఇప్పుడొద్దు’ అంటే ఆ పెట్టెను చూపకుండా ఆగిపోతే చాలు. మరో వారానికి మళ్లీ అడిగే వీలు మిగిలే ఉంటుంది. అప్పటిదాకా ఆమెను కదపకూడదు.

మర్నాడు రాత్రి 8కి ఏం రాయాలి? ‘అయ్యో, మమ్మల్ని మరిచిపోయారా?’ అని ఏడుపుముఖం బొమ్మతో పంపే యాప్‌లు బోలెడు. చదివేవారికి దానివల్ల తెలిసేదేమీ లేదు. ‘రాజ్యాంగం: నిన్న తప్పు పోయిన 3 ప్రశ్నలు ఇవాళ మళ్లీ వచ్చాయి’ అంటే అందులో ఆమెకు పనికొచ్చే విషయం ఉంది. యాప్ తెరవకుండానే నిన్న ఎక్కడ ఆగిందో గుర్తొస్తుంది. అయితే ఆమె సాయంత్రం ఏడింటికే ప్రశ్నలు పూర్తిచేసి ఉంటే ఎనిమిదింటి కబురు రాకూడదు. చెప్పుకుంటే చిన్న సంగతే గానీ ఎక్కువగా తప్పేది ఇక్కడే. సర్వర్ పొద్దున్నే జాబితా తయారుచేసుకుని రాత్రి గుడ్డిగా పంపేస్తుంది. లేదా ఫోన్ బ్యాటరీ ఆదా చేయబోయి కబురును ఆలస్యంగా చూపిస్తుంది. పని చేసేసినవాళ్లను ‘ఇంకా చేయలేదేం?’ అని అడిగిన యాప్‌ను ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు. పంపే క్షణంలో మరోసారి సరిచూడాలి. ఆలస్యమైన కబురు దానంతటదే చెల్లిపోయేలా గడువు పెట్టాలి.

ఇక స్ట్రీక్. రోజూ తప్పకుండా చేస్తే అంకె ఒకటి చొప్పున పెరుగుతుంది, ఒక్కరోజు తప్పితే సున్నా. మొదట్లో ఆ అంకెకు విలువ లేదు. మూడు రోజుల వరస పోతే ఎవరికీ బాధ ఉండదు. డ్యువోలింగోలో ఉత్పత్తి విభాగాన్ని నడిపిన హోర్హే మజాల్ ఆ సంస్థ ఎదుగుదల గురించి రాస్తూ, పది రోజుల వరస దాటినవాళ్లు మధ్యలో మానేసే అవకాశం బాగా తగ్గుతుందన్నారు. అక్కడి నుంచి సంపాదించుకున్నది పోతుందేమోనన్న భయం పనిచేస్తుంది. రాత్రి పొద్దుపోయాక ‘మీ వరస తెగబోతోంది’ అనే కబురు పనిచేసేది ఆ భయం మీదే. కాబట్టి దాన్ని వరస ఉన్నవాళ్లకే పంపాలి. నిన్ననే చేరినవాళ్లకు పంపితే నవ్విపోతారు.

భయానికి ఒక ఇబ్బంది ఉంది. జ్వరంతో ఒక్కరోజు పడుకుంటే 140 రోజుల అంకె సున్నా అవుతుంది. అప్పుడు మనిషి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడు, యాప్‌నే తీసేస్తాడు. అందుకే డ్యువోలింగో ‘స్ట్రీక్ ఫ్రీజ్’ అనే సెలవు చీటీ పెట్టింది. ముందే ఒకటి దాచుకుంటే ఆ ఒక్కరోజు తప్పు మాఫీ. ఒకటికి బదులు రెండు దాచుకోనిస్తే జనం బద్ధకించి రావడం తగ్గుతుందనిపిస్తుంది. నిజానికి రోజువారీ వచ్చేవాళ్లు కొద్దిగా పెరిగారు.

మనిషి తప్పకపోయినా వరస తెగే సందర్భాలూ ఉన్నాయి. అవి పూర్తిగా తయారీదారు తప్పే. చాలా సర్వర్లు రోజును గ్రీనిచ్ కాలమానంలో లెక్కిస్తాయి. ఆ లెక్కన మనకు తేదీ మారేది అర్ధరాత్రి కాదు, తెల్లవారుజామున 5:30కి. శిరీష సోమవారం ఉదయం 6 గంటలకు ప్రశ్నలు చేసింది, సర్వర్ దాన్ని సోమవారం కింద రాసుకుంది. మంగళవారం త్వరగా లేచి 5 గంటలకే చేసింది. గ్రీనిచ్‌లో అప్పటికి సోమవారం రాత్రి 11:30 కాబట్టి అదీ సోమవారం ఖాతాలోకే వెళ్లింది. బుధవారం మళ్లీ 6 గంటలకు చేసింది, అది బుధవారం. మంగళవారం గడి ఖాళీగా మిగిలింది! మూడు రోజులూ చదివిన అమ్మాయికి వరస తెగింది. తెల్లవారుజామున చదువుకునేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. ప్రతి పాఠం పక్కనా వాడినవారి స్థానిక తేదీని కూడా రాసి ఉంచితే ఈ గొడవ ఉండదు. డల్లాస్‌లో శనివారం రాత్రి విమానమెక్కి సోమవారం హైదరాబాద్‌లో దిగేవాళ్లకు ఆదివారం దాదాపుగా ఆకాశంలోనే కరిగిపోతుంది. వాళ్లకు మాత్రం సెలవు చీటీయే దిక్కు.

ఇదే మాటను రోజూ పంపితే ఏమవుతుంది? డ్యువోలింగోలో పనిచేసిన కెవిన్ యాన్సీ, బర్ సెటిల్స్ 2020లో దీని మీద పరిశోధన పత్రం రాశారు. వాళ్లు చూసిన సంగతి సులువుగా చెప్పవచ్చు. బాగా పనిచేసిన వాక్యం కూడా వెంటనే మళ్లీ పంపితే పదును కోల్పోతుంది, కొన్నాళ్లు పక్కన పెడితే కోలుకుంటుంది. అందుకని ఏ వాక్యం ఎవరికి ఎప్పుడు పంపారో గుర్తుంచుకుని, ఈమధ్యే వాడినదాని మార్కులు తగ్గించి, తాజాగా ఉన్నదాన్ని ఎంచే పద్ధతి కట్టారు. దానివల్ల రోజూ వచ్చేవాళ్లు మొత్తం మీద అర శాతం పెరిగారు, కొత్తవాళ్లు నిలబడటం 2 శాతం మెరుగైంది. నాకు ఆ అంకెలు చిన్నవిగా ఉండటమే నచ్చింది. వాక్యాన్ని మార్చి అద్భుతాలు చేస్తామనేవాళ్లు ఈ రంగంలో చాలామంది దొరుకుతారు. ఇంత పెద్ద సంస్థ ఇంత శ్రమపడితే వచ్చింది అర శాతం.

ఆపడం గురించి కూడా అదే టెడ్ ప్రసంగంలో ఒక మాట ఉంది. ఏడు రోజులు రాకపోతే గుర్తుచేయడం మానేస్తారట. తర్వాత ఎవరికో ఒక ఆలోచన వచ్చింది, మానేస్తున్నామని చెబితే పోలా? ‘ఈ కబుర్లు పనిచేస్తున్నట్టు లేదు, ప్రస్తుతానికి ఆపేస్తున్నాం’ అని పంపారు. జనం తిరిగొచ్చారు. తెలివైన పనే. అయినా అలిగిన చుట్టంలా మాట్లాడి రప్పించడం నాకు పూర్తిగా రుచించదు. పాఠాల యాప్‌లో అది సరదాగా చెల్లుతుంది. అప్పులిచ్చే యాప్ అదే గొంతుతో మాట్లాడితే సరదా ఉండదు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 13 రకాల మాయల్ని పేర్కొన్నాయి. సిగ్గుపడేలా చేసి కొనిపించడం, పదేపదే వేధించడం, లేని తొందర పుట్టించడం అందులో ఉన్నాయి.

ఇంత చేశాక కబురు పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? ఎంతమంది దాన్ని నొక్కారో చూసి సంబరపడేవాళ్లే ఎక్కువ. శిరీష యాప్‌లోనే లెక్క చూద్దాం, అంకెలు ఊహించినవే. 10,000 మందికి కబురు పంపితే 900 మంది నొక్కారు, అవీ ఇవీ కలిపి ఆ రోజు 1,500 మంది వచ్చారు. అలాంటివాళ్లనే మరో 10,000 మందిని చీటీలు తీసినట్టు ఎంచి, వాళ్లకు ఏమీ పంపకుండా వదిలేశారు. అందులోనూ 1,350 మంది వాళ్లంతట వాళ్లే వచ్చారు. అంటే కబురు రప్పించింది 900 మందిని కాదు, 150 మందిని. మిగతావాళ్లు ఎలాగూ వచ్చేవాళ్లే, కనబడిందని నొక్కారంతే. అదే రోజు కబురు అందినవాళ్లలో 40 మంది నోటిఫికేషన్లు కట్టేశారనుకోండి. ఆ 150 మందిలో రేపు ఎందరు వస్తారో తెలియదు గానీ ఈ 40 మందికి ఇక దారి మూసుకుపోయినట్టే. ఇదే వేగంతో నెల నడిస్తే 1,200 మంది. రోజువారీ నివేదికలో ఈ అంకె పైకి కనబడదు, వెతికితేనే దొరుకుతుంది.

మజాల్ రాసినదాంట్లో గ్రూపాన్ సంగతి ఇలాంటిదే. తగ్గింపు ధరల కబుర్లు మెయిల్‌లో పంపే ఆ సంస్థ మొదట్లో రోజుకొక్కటే పంపేది. రెండో మెయిల్ పంపి చూస్తే అమ్మకాలు పెరిగాయి, సంఖ్య పెంచుకుంటూ పోయారు. ప్రతి పరీక్షా లాభమనే చెప్పింది. చివరికి జనం ఆ మెయిళ్లను చూడటమే మానేశారు. ఆ కథ విన్న డ్యువోలింగో ఒక కట్టుబాటు పెట్టుకుంది. కబుర్ల వేళ, మాట, బొమ్మ మార్చి ఎన్ని పరీక్షలైనా చేయవచ్చు, సంఖ్య పెంచాలంటే మాత్రం పైవాళ్ల అనుమతి ఉండాలి.

ఆ మూసివేతను కొంత తగ్గించే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లో 2017 నుంచే ఉంది. యాప్ తన నోటిఫికేషన్లను రకాలుగా విడగొట్టవచ్చు. రోజువారీ గుర్తుచేత ఒకటి, ఫీజు రాయితీ ప్రకటనలు ఇంకొకటి, పరీక్ష తేదీల సమాచారం మరొకటి. అలా విడగొట్టిన యాప్‌లో నోటిఫికేషన్ మీద వేలు నొక్కిపట్టి ఆ ఒక్క రకాన్నే ఆపుకోవచ్చు. తయారీదారు అన్నింటినీ ఒకే గంపలో వేస్తే, రాయితీల మోతకు విసిగిన శిరీష మొత్తం కట్టేస్తుంది. హాల్ టికెట్ వచ్చిందన్న కబురు కూడా ఆమెకు అందదు.