మెస్ బిల్లు వెనుక బియ్యం లెక్క

ఇది రెండేళ్ల కిందటి సంగతి. అప్పుడు నేను ఒక కాలేజీలో లెక్చరర్‌గా ఉంటూనే, రెండు వందల మంది అబ్బాయిలున్న హాస్టల్‌కి వార్డెన్‌గా కూడా చేసేవాణ్ణి. మెస్ చార్జీలు నెలకో రకంగా వస్తున్నాయని ఫోన్లు ఎక్కువయ్యేసరికి, ఫిబ్రవరి మొదటి వారంలో తల్లిదండ్రులందరికీ ఒక ఉత్తరం పంపాను. "గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం. ఆగస్టు నుంచి జనవరి వరకు మెస్ చార్జీల వివరాలు ఈ కింది పట్టికలో ఇస్తున్నాను. పరిశీలించగలరు" అని నాలుగు ముక్కలు రాసి, కింద పట్టిక జతచేశాను. సులువుగా అర్థం కావడానికి అంకెలను కాస్త గుండుగా చేసి, ఒక కుర్రవాడి పట్టికను ఇక్కడ ఇస్తున్నాను.

| నెల | మొత్తం ఖర్చు (రూ.) | మ్యాన్‌డేస్ | రోజు రేటు (రూ.) | మీ అబ్బాయి రోజులు | బిల్లు (రూ.) |
|---|---|---|---|---|---|
| ఆగస్టు | 5,37,600 | 5,600 | 96 | 31 | 2,976 |
| సెప్టెంబరు | 5,29,200 | 5,400 | 98 | 30 | 2,940 |
| అక్టోబరు | 4,06,600 | 3,800 | 107 | 21 | 2,247 |
| నవంబరు | 5,55,500 | 5,500 | 101 | 30 | 3,030 |
| డిసెంబరు | 5,72,000 | 5,200 | 110 | 31 | 3,410 |
| జనవరి | 3,72,000 | 4,000 | 93 | 20 | 1,860 |

మాది డివైడింగ్ మెస్. కాంట్రాక్టర్ ఉండడు, ముందుగా కట్టిన రేటూ ఉండదు. నెలలో అయిన ఖర్చంతా కూడి, తిన్నవాళ్లకు పంచుతాం. పంచేది తలకింత అని కాదు, రోజుకింత అని. ఒక విద్యార్థి ఒక రోజు మెస్ లెక్కలో ఉంటే ఒక మ్యాన్‌డే. రెండు వందల మందివీ అలాంటి రోజులన్నీ కూడితే ఆగస్టులో 5,600 వచ్చాయి. 5,37,600 రూపాయల ఖర్చును 5,600తో భాగిస్తే రోజుకు 96 రూపాయలు. దాన్ని పిల్లవాడి రోజులతో హెచ్చిస్తే వాడి బిల్లు.

ఉత్తరం అందాక వచ్చిన ఫోన్లలో ఎక్కువ నవంబరు గురించే. "దసరా నెలలో రెండు వేల రెండు వందలు వేశారు, తర్వాతి నెల మూడు వేలు దాటించారు, ఏం పెట్టారండీ అంత?" అని. నిజానికి ఆ రెండు నెలల్లో ఖరీదైనది అక్టోబరే. పిల్లవాడు పది రోజులు ఇంట్లో ఉన్నాడు కాబట్టి బిల్లు తగ్గి కనిపించింది. రోజు రేటు మాత్రం 107కి ఎక్కింది. బిల్లు గడి చూసి ధర పెరిగిందో తగ్గిందో చెప్పలేం, చూడాల్సింది రోజు రేటు గడి. ఆ ఒక్క మాట ఉత్తరంలో రాయకపోవడం నా పొరపాటు.

మరి అక్టోబరులో రేటు ఎందుకు పెరిగింది? పిల్లలు ఇళ్లకు వెళితే ఖర్చు తగ్గాలి కదా అని అందరికీ అనిపిస్తుంది. ఖర్చు తగ్గింది కూడా, లక్షకు పైగానే. కానీ అందులో తగ్గని భాగం ఒకటుంది. వంటవాళ్లు, హెల్పర్లు కలిపి ఎనిమిది మంది, నెలకు 1,20,000 రూపాయల జీతం. దసరాకి హాస్టల్ సగం ఖాళీ అయినా వాళ్ల జీతం సగం కాదు, కాకూడదు కూడా. ఆగస్టులో ఆ జీతాలను 5,600 రోజులకు పంచితే రోజుకు 21 రూపాయలు చిల్లర పడింది. అక్టోబరులో 3,800 రోజులకే పంచాల్సి వచ్చి దాదాపు 32 రూపాయలు పడింది. జీతాలు తీసేసి చూస్తే తిండి ఖర్చు రెండు నెలల్లోనూ రోజుకు 75 రూపాయల దగ్గరే ఉంది. నవంబరులో మాత్రం తిండి ఖర్చే 79కి పెరిగింది. గుడ్లూ టమాటాలూ ఆ నెల ప్రియమయ్యాయి.

ఇంకో తండ్రి అడిగింది రోజుల గురించి. "మావాడు సెప్టెంబరులో మూడు శని ఆదివారాలు ఇంటికొచ్చాడు సార్. ఆరు రోజులు తియ్యకుండా ముప్పై ఎలా వేశారు?" దీనికి జవాబు మెస్ కట్ నియమంలో ఉంది. మా హాస్టల్లో వరసగా మూడు రోజులకు తక్కువ కాకుండా వెళ్తేనే, అదీ ముందురోజు సాయంత్రంలోగా రిజిస్టర్లో రాసి వెళ్తేనే కట్ ఇస్తాం. రేపటి కూరగాయలకు ఇవాళ సాయంత్రమే ఆర్డర్ పోతుంది. ఇడ్లీపిండి రాత్రే రుబ్బేస్తారు. చెప్పకుండా వెళ్లినవాడి తిండి అప్పటికే కొన్నట్టు లెక్క. వాడికి రోజు తగ్గిస్తే ఆ డబ్బు ఉన్నవాళ్ల మీద పడుతుంది. నియమం కాలేజీకొక తీరుగా ఉంటుంది. పిల్లల్ని చేర్పించే రోజే ఇది అడిగి తెలుసుకుంటే మంచిది, ఎందుకంటే వారం వారం ఊరికొచ్చే పిల్లవాడికి ఏడాది మొత్తం మీద ఇది చిన్న మొత్తం కాదు.

ఈ ఫోన్లకు జవాబు చెప్పగలిగాను. చెప్పలేకపోయింది ఒక తల్లికి. ఆవిడ వాళ్ల ఊరి ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం వండుతారు.

"సార్, డిసెంబరులో సెలవుల్లేవు కదండీ. పిల్లలందరూ ఉన్నారు. అయినా నూటపది ఎందుకైందండీ?"

ధరలు పెరిగి ఉంటాయమ్మా అన్నాను.

"పెరిగితే జనవరిలో ఒక్కసారిగా తొంభై మూడుకి ఎలా దిగిందండీ? పైగా సంక్రాంతి సెలవులొచ్చాయి. దసరాకి పెరిగినట్టే అప్పుడూ పెరగాలి కదా. ఆ నెల బియ్యం ఎన్ని బస్తాలు వండారో చూడండి."

స్టాక్ రిజిస్టర్ తెప్పించాను. డిసెంబరులో వాడకం 120 బస్తాలని ఉంది. మాకు వచ్చేవి ఇరవై ఆరు కిలోల బస్తాలు. ప్యాక్ చేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 2022 జులై నుంచి జీఎస్టీ పడుతోంది కాబట్టి బజారులో ఇరవై ఆరు కిలోల బస్తాలు వచ్చేశాయి. 120 బస్తాలంటే 3,120 కిలోలు. 5,200 మ్యాన్‌డేస్‌కి పంచితే తలకు రోజుకు 600 గ్రాములు.

ఆవిడకు ఆ అంకె చెప్పగానే, "అంత తినరండీ" అన్నారు. "మా బడిలో చిన్న తరగతులకి వంద గ్రాములు, పెద్ద తరగతులకి నూటయాభై, పూటకి. మీవాళ్లు వయసు పిల్లలు, రెండు పూటలా అన్నం, పొద్దున టిఫిన్‌కి కలుపుకున్నా నాలుగు వందలు దాటదు."

నవంబరు తీసి చూస్తే సరిగ్గా ఆ నాలుగు వందల దగ్గరే ఉంది. జనవరి చూస్తే 140 గ్రాములు. నెలంతా అన్నం తిన్న కుర్రవాడికి 140 గ్రాములు అసాధ్యం. ఒక నెల ఎక్కువ, తర్వాతి నెల తక్కువ. అంటే బియ్యం ఎక్కడికీ పోలేదు, ఒక నెల లెక్కలోంచి ఇంకో నెలకు జరిగింది.

ఆ సాయంత్రం వంటమనిషిని అడిగితే విషయం బయటపడింది. డిసెంబరు 31న చీకటిపడ్డాక బియ్యం లారీ వచ్చింది. స్టోర్ రూమ్ నిండిపోయి ఉండటంతో నలభై బస్తాలు టీవీ హాల్లో గోడవారగా దింపించారు. పైన పాత దుప్పటి కప్పి, పిల్లలు దాని మీదే కూర్చుని టీవీ చూశారట. ఆ రాత్రి నెలాఖరు స్టాక్ లెక్కపెట్టిన గుమస్తా స్టోర్ రూమ్‌లో ఉన్నవే రాసుకున్నాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేను, గదిలోకి కూడా వెళ్లకుండా.

మెస్ ఖర్చు ఇలా కడతారు. నెల మొదట్లో ఉన్న సరుకుకి, నెలలో కొన్న సరుకు కలిపి, నెలాఖరున మిగిలిన సరుకు తీసేస్తే వచ్చేదే వాడకం. నలభై బస్తాల బిల్లు డిసెంబరు కొనుగోళ్లలో చేరింది. బస్తాలు మాత్రం మిగిలిన సరుకులో చేరలేదు. బస్తా 1,300 చొప్పున 52,000 రూపాయల బియ్యం, ఎవరూ తినకముందే తిన్నట్టు రాశాం. 5,200 రోజులకు పంచితే రోజుకు సరిగ్గా పది రూపాయలు ఎక్కువ పడింది. డిసెంబరు అసలు రేటు 100. జనవరిలో ఆ బస్తాలు వండుకున్నా అవి లెక్కలో లేవు కాబట్టి ఖర్చు అంత తగ్గి కనిపించింది. 52,000 కలిపితే 4,24,000 అవుతుంది, 4,000 రోజులకు రేటు 106. సంక్రాంతి సెలవుల నెలలో ఉండాల్సిన రేటు అదే.

మొత్తం మీద చెల్లుకు చెల్లే కదా అని అకౌంట్స్‌లో ఒకరన్నారు. హాస్టల్‌కి చెల్లే, కుటుంబాలకు కాదు. పై పట్టికలోని కుర్రవాడు డిసెంబరులో 31 రోజులకు 310 రూపాయలు ఎక్కువ కట్టాడు, జనవరిలో 20 రోజులకు 260 తక్కువ కట్టాడు. వాడికి యాభై రూపాయలు తిరిగి రావాలి. సంక్రాంతికి ఊరికి పోకుండా ఉండిపోయినవాళ్లు జనవరిలో 31 రోజులు తిన్నారు. వాళ్లే ఇంకా 93 రూపాయలు కట్టాలి. డిసెంబరాఖరున ఇంటర్న్‌షిప్‌కి హాస్టల్ ఖాళీ చేసిన ఫైనలియర్ పిల్లలు ముగ్గురున్నారు. వాళ్లు ఆ 310 పూర్తిగా పోగొట్టుకున్నారు.

గ్రాముల లెక్కతో అన్నీ తెలియవు. నూనె పలచబడినా, కూరగాయల బిల్లు బజారు ధర కన్నా ఎక్కువ వేసినా అది పట్టుకోలేదు. వాటికి బిల్లులు పక్కన పెట్టుకుని ఆ రోజు మార్కెట్ రేటుతో పోల్చాల్సిందే. కానీ బియ్యం మనిషి తినే కొలత నెలనెలా పెద్దగా మారదు కాబట్టి, స్టాక్ తప్పు ముందు అక్కడే బయటపడుతుంది. అడగడానికి తల్లిదండ్రులకు రెండే అంకెలు కావాలి: ఆ నెల వాడిన బియ్యం కిలోలు, మ్యాన్‌డేస్.

ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లలో ఈ ఉత్తరమే ఉండదు. అక్కడ డైట్ చార్జీలు సర్కారు కడుతుంది. తెలంగాణలో 2024 చివర్లో పెంచాక ఇంటర్, ఆపై చదివేవాళ్లకు నెలకు 2,100 రూపాయలు, అంటే రోజుకు డెబ్బై. అంతకుముందు 1,500, రోజుకు యాభై. మా మెస్‌లో జీతాలు తీసేసినా 75 అయ్యే తిండి అది. మా దగ్గర ధర పెరిగితే బిల్లు పెరుగుతుంది, తల్లిదండ్రులు ఫోన్ చేస్తారు. అక్కడ ధర పెరిగితే గుడ్డు మానేస్తారు, పప్పు నీళ్లవుతుంది. ఫోన్ చేయడానికి ఇంటికి చేరిన పట్టిక ఉండదు. ఆ పిల్లల కంచాల లెక్క ఇళ్లకు ఎలా చేర్చాలో ఎవరైనా ఆలోచించాలని నాకు అప్పటినుంచీ ఉంది.

మరుసటి వారం రెండో ఉత్తరం రాశాను. తప్పు ఎక్కడ జరిగిందో, సంతకం ఎవరిదో రాసి, డిసెంబరు, జనవరి వరసలు సరిదిద్ది, ఫిబ్రవరి బిల్లులో ఎవరికి ఎంత సర్దుతున్నామో పక్కన వేశాను. రోజు రేటును తిండి, జీతాలు అని రెండు గడులుగా విడదీశాను. చివర్లో కొత్త గడి ఒకటి చేర్చాను: రోజుకు తలకు బియ్యం, గ్రాములలో. నెలాఖరు రాత్రి స్టాక్ లెక్కకు మెస్ కమిటీ పిల్లలిద్దరు నాతోపాటు స్టోర్‌కి వచ్చి సంతకం చేయడం మొదలైంది. ఖాళీ చేసి వెళ్లిపోయిన ఆ ముగ్గురి ఫోన్ నంబర్లు వెతికి పట్టుకుని, తలా 310 రూపాయలు పంపేసరికి మార్చి నెల వచ్చింది.