పోస్టు లొల్లైంది: తీసెయ్యాల్నా, చెప్పాల్నా, ఊకుండాల్నా?

పోయిన యాసంగి వడ్లు కొనే కాలంల నేను ఫేస్‌బుక్‌ల ఒక పోస్టు పెట్టిన. మా మండలంల ఒక కొనుగోలు సెంటర్ల సంచికి 40 కిలోలు జోకాల్సిన కాడ 42 కిలోలు జోకుతున్నరు. గన్నీ సంచి బరువు ముప్పావు కిలో తీసేసినా, కిలో మీద పోతున్నది. తాలు ఉన్నదని, తేమ ఉన్నదని చెప్పి మిల్లర్లు తరుగు తీస్తుంటే అడిగే అధికారి లేడు. ఇదే ఇరవై లైన్లల్ల రాసిన. చివరికి రెండు లైన్లు గిట్ల పెట్టిన: "కాంటా కాడ నిలవడి సూడుండ్రి. రైతు కష్టం ఎవల చేతులకెల్లి జారిపోతున్నదో తెలుస్తది."

రాత్రి 9 గంటలకు పెట్టి పండుకున్న. పొద్దుగాల లేసే వరకు ఫోన్‌ల 31 మిస్డ్ కాల్స్ ఉన్నయి. రాత్రి ఎవరో ఆ ఇరవై లైన్లు కోసేసి, కింది రెండు లైన్లు మాత్రమే స్క్రీన్‌షాట్ తీసి ఊరి వాట్సాప్ గ్రూపుల పెట్టిండ్రు. మీద "హమాలీలను దొంగలంటున్నడు" అని రాసిండ్రు. కాంటా కాడ సంచి పట్టే చేతులు ఎవలయి? హమాలీలయే గదా. సెంటర్ల పని ఆగిపోయింది. ఆకాశంల మబ్బు పట్టింది, వడ్లేమో కల్లంల ఉన్నయి.

ఆ రోజు నేను చేసిన తప్పులు, తర్వాత నేర్చుకున్నయి మీకు చెప్పాలె. ఎందుకంటే ఈ లొల్లి రేపు మీ ఫోన్‌కు గూడ రావచ్చు.

మొదటి తప్పు పావుగంటలనే చేసిన. కామెంట్లల్ల "పూర్తిగా సదివి మాట్లాడుండ్రి" అని కొట్టిన. మనకు అది న్యాయమైన మాటే అనిపిస్తది. కానీ సంచులు మోసే మనిషి చెవులకు అది "నీకు సదువు రాదు" అన్నట్టు ఇనవడుతది. పది నిమిషాలల్ల ఆ కామెంట్ రెండో స్క్రీన్‌షాట్ అయ్యింది. పోస్టు కన్నా ఎక్కువ అదే తిరిగింది. లొల్లి మొదలైనంక కోపంల రాసే మొదటి జవాబు పోస్టు కన్నా పెద్ద దెబ్బ తీస్తది. అందుకే మొదలు ఫోన్ పక్కకు పెట్టి, గోస పడ్డ మనిషికి కాల్ చెయ్యాలె.

హమాలీల పెద్దమనిషికి ఫోన్ చేసిన. ఆయన తిట్టలే. "అన్నా, నువ్వేమనుకొని రాసినవో నాకు తెల్వదు. మా కోడలు ఆ రెండు లైన్లు సదివి ఇనిపిచ్చింది. మేము దొంగలమా?" అన్నడు. నేను మళ్ల ఆ రెండు లైన్లు కొత్తోడి లెక్క సదువుకున్న. మిల్లరు అనే మాట అండ్ల లేదు, అధికారి అనే మాట లేదు. ఉన్నదల్లా కాంటా, చేతులు. తప్పు సదివినోళ్లది కాదు, నా రాతది.

ఇదే మొదటి పరీక్ష. మీ పోస్టును లొల్లి తెల్వని ఒక మనిషికి, మీ తరీఖను ఇష్టపడని మనిషైతే ఇంకా మంచిది, చూపిచ్చి "ఇండ్ల ఏమున్నది?" అని అడుగుండ్రి. ఆయన గూడ తప్పుగనే అర్థం చేసుకుంటే రాతల లోపం ఉన్నట్టు. అప్పుడు చెప్పాలె. పూర్తి పోస్టు సదివి సరిగ్గనే అర్థం చేసుకుంటే, తప్పు కోసి తిప్పినోళ్లది. అప్పుడు దారి వేరే ఉంటది.

ఇగ తీసెయ్యాల్నా అన్న సంగతి. నాకు ఆ పొద్దు వేలు డిలీట్ మీదికే పోయింది. ఆపుకున్న. అప్పటికే 64 మంది ఆ పోస్టు షేర్ చేసిండ్రు. ఫేస్‌బుక్‌ల షేర్ అంటే నకలు కాదు, మన పోస్టుకు కట్టిన దారం అసొంటిది. మనం డిలీట్ చేస్తే ఆ షేర్లన్ని ఖాళీ అయితయి. కానీ వాట్సాప్‌ల తిరిగే ఫొటోకు ఏమీ కాదు. అంటే ఇరవై లైన్లు మాయమై, కోసిన రెండు లైన్లే లోకంల మిగులుతయి. నా దిక్కు సాక్ష్యం నేనే కాలవెట్టుకున్నట్టు. పైంగ "భయపడి తీసేసిండు" అంటరు.

అదే దారం మనకు పనికి గూడ వస్తది. అసలు పోస్టును ఎడిట్ చేసి మొదటి లైన్‌లనే వివరణ పెడితే, షేర్ చేసిన 64 మంది గోడల మీద గూడ ఆ వివరణే కనపడుతది. వేరే కొత్త పోస్టు పెడితే వాళ్లల్ల ఎంతమందికి చేరుతదో ఎవరికి తెలుసు? అందుకే వివరణ అసలు పోస్టు నెత్తిమీదనే ఉండాలె. పాత లైన్లను సప్పుడు చెయ్యకుండ మార్చొద్దు. ఎడిట్ హిస్టరీ నొక్కితే పాతది ఎవరికైనా కనపడుతది, అప్పుడు మోసం చేసినవంటరు. నేను పాతది కింద అట్లనే ఉంచి, మీద గిట్ల రాసిన:

"నిన్న రాత్రి నేను రాసిన పోస్టుల చివరి రెండు లైన్లు హమాలీలను దొంగలన్నట్టు ఉన్నయి. అది నా రాతల తప్పు. తరుగు తీసేది మిల్లర్లు, ఆపాల్సింది అధికారులు. సంచి మోసే హమాలీకి అండ్ల ఒక్క గింజ రాదు. పూర్తిగా సదవమని నేను పెట్టిన కామెంట్ గూడ తప్పే, దాన్ని తీసేసిన. హమాలీ అన్నలు, అక్కలు నన్ను మాఫ్ చెయ్యాలె."

మనోళ్లు మాఫీ అడిగేటప్పుడు ఒక అలవాటు ఉన్నది: "ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే క్షమించండి." ఆ "ఉంటే" అన్న మాటల మొత్తం మాఫీ మునిగిపోతది. దెబ్బ తగిలిందని పని ఆపేసి కూసున్న మనిషితోని "తగిలి ఉంటే" అంటవా? ఏ లైన్ తప్పో, ఎవలకు తగిలిందో పేరు పెట్టి చెప్పాలె. అసలు నువ్వు చెప్పాలనుకున్నది ఒక్క లైన్‌ల చెప్పాలె. అంతకు మించి పొడుగు రాస్తే దాన్ని గూడ కోస్తరు.

కానీ లొల్లి ఫేస్‌బుక్‌ల లేదు గదా, ఊరి గ్రూపుల ఉన్నది. తప్పుడు అర్థం ఏడ తిరుగుతున్నదో వివరణ ఆడికే పోవాలె. అందుకే స్క్రీన్‌షాట్ పెట్టిన పిలగానికే ఫోన్ చేసి, నా వివరణ గూడ పెట్టమన్న. తిట్టలేదు గనుక పెట్టిండు. ఆయనతోనే ఒక నిమిషం వాయిస్ మెసేజ్ గూడ పెట్టిచ్చిన, ఎందుకంటే హమాలీలల్ల చానామంది సదివేదాని కన్నా ఇనేదే ఎక్కువ. పదకొండు గంటలకు సెంటర్‌కు పోయి నిలవడ్డ. మధ్యాహ్నం కాంటా మళ్ల మొదలైంది.

ఇంకొక మాట. కోసిన స్క్రీన్‌షాట్‌ను మనమే మళ్ల షేర్ చేసి "సూడుండ్రి, ఇది అబద్ధం" అనొద్దు. సూడనోళ్లకు గూడ మనమే చూపిచ్చినట్టు అయితది.

అయితే వెంటనే తీసెయ్యాల్సినయి గూడ ఉన్నయి. వాటికి ఆలోచన అక్కర లేదు. ఎవరిదన్నా ఫోన్ నంబరు, ఇంటి జాడ, చిన్న పిల్లల ఫొటో ఉంటే తీసెయ్యాలె. లైంగిక దాడి జరిగిన ఆడపిల్ల ఎవరో తెలిసేటట్టు ఉంటే అది చట్టం ప్రకారమే నేరం. ఇగ అబద్ధపు కబురు వల్ల మనిషి మీద చెయ్యి పడే ప్రమాదం ఉంటే క్షణం ఆగొద్దు. 2018ల పిల్లలను ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నరని వాట్సాప్‌ల ముచ్చట్లు తిరిగి, దేశంల చానా తావులల్ల, మన తెలుగు రాష్ట్రాలల్ల గూడ, ఏ పాపం తెల్వనోళ్లను కొట్టి సంపిండ్రు. దాని తర్వాతనే మన దేశంల ఒక మెసేజ్‌ను ఒక్కసారికి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చెయ్యకుండ వాట్సాప్ కట్టడి పెట్టింది.

వాట్సాప్‌ల "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" రెండు రోజులు దాటి ఇంకొన్ని గంటల దాకనే పని చేస్తది. ఎడిట్ అయితే 15 నిమిషాలే. వేరే గ్రూపులకు ఫార్వర్డ్ అయిన నకళ్లను అది ముట్టదు. అందుకే తీసేసినంక, ఎందుకు తీసేసినవో, నిజమేందో అదే గ్రూపుల ఒక లైన్ రాయాలె. లేకుంటే "నిజం చెప్తే తీపిచ్చిండ్రు" అని కొత్త పుకారు పుడుతది.

ఏది తీసేసినా మొదలు తారీఖు, టైము కనపడేటట్టు పూర్తి పోస్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలె. "కేసు పెడతం" అనేటోళ్లు వస్తరు. కొంతమంది ఇప్పటికీ ఐటీ చట్టం 66ఏ పేరు చెప్పి బెదిరిస్తరు. దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24ననే కొట్టేసింది. కానీ వర్గాల నడుమ పగ పెంచే రాతల మీద వేరే సెక్షన్లు బాజాప్తా ఉన్నయి. పోలీసుల నుంచి నోటీసు వస్తే, వకీలును అడగకుండ ఏదీ తీసెయ్యొద్దు.

ఇగ ఊకుండుడు. నేను వివరణ పెట్టినంక గూడ ఆరుగురు కామెంట్లల్ల ఆగలే. లెక్క చూసిన: అవే ఆరు పేర్లు, అవే మాటలు. కొత్త మనిషి ఎవరూ లేరు. ఇసొంటప్పుడు జవాబు ఇచ్చుడు దండుగ. మనం కొట్టే ఒక్కో కామెంట్ ఆ పోస్టును కొత్తోళ్ల ముందటికి మళ్ల నూకుతది. రోజూ చూసే మనుషులు గుండ్రంగ తిరుగుతుంటే ఊకుండాలె. అసలు పోస్టు చూడనోళ్లు ఫోన్ చేసి అడుగుతున్నరంటే కబురు గడప దాటినట్టు, అప్పుడు నోరు తెరవాలె. ఒకసారి సక్కగ చెప్పినంక మళ్ల మళ్ల చెప్పొద్దు.

అయితే కోపం చేసిన ప్రతోళ్లు తప్పుగ అర్థం చేసుకున్నోళ్లు కాదు. ఒక హమాలీ అక్క అడిగింది: "మా మోత కూలీ గురించి నువ్వు ఎన్నడన్న ఒక్క లైన్ రాసినవా?" ఆమె సరిగ్గనే సదివింది. రాయలే. దానికి వివరణ పనికిరాదు, ఊకుండుడు అంతకన్నా పనికిరాదు. "రాయలే అక్కా" అని ఒప్పుకున్న.

లొల్లి సల్లారింది. కానీ పది రోజులు మా మండలంల తరుగు గురించి ఎవరూ మాట్లాడలే. అందరూ నా రెండు లైన్ల గురించే మాట్లాడిండ్రు. సంచికి కిలో మీద పోతనే ఉన్నది. మిల్లరుకు ఇంతకన్నా ఏం గావాలె? అప్పటిసంది పోస్టు పెట్టే ముందట చివరి రెండు లైన్లు మాత్రమే కోసి నేనే సదువుకుంట. ఆ రెండు లైన్లల్ల తప్పు చేసినోని పేరు లేకుంటే మళ్ల రాస్త.