20 లక్షలు దాటిన గ్రాట్యుటీ

ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో 34 ఏళ్ల 8 నెలలు పనిచేసిన మేనేజర్ 2025 మార్చి 31న రిటైరయ్యారనుకుందాం. ఆఖరి నెల బేసిక్, డీఏ కలిపి 1,20,000 రూపాయలు. అప్పటి నిబంధనల ప్రకారం హెచ్ఆర్ఏ, బోనస్ ఈ లెక్కలోకి రావు. గ్రాట్యుటీ చట్టం వర్తించే సంస్థల్లో నెలకు 26 పనిరోజులుగా తీసుకుని, ఏడాదికి 15 రోజుల జీతం కడతారు. చివర్లో ఆరు నెలలు దాటిన భాగాన్ని ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి ఈయన సర్వీసు 35 ఏళ్లు. 1,20,000ను 26తో భాగించి, 15తోనూ 35తోనూ హెచ్చిస్తే 24,23,077 రూపాయలు వస్తుంది.

చట్టం ప్రకారం సంస్థ 20 లక్షలిస్తే చాలు. అయినా ఈ కంపెనీ మొత్తం ఇచ్చేసింది. పన్ను మినహాయింపు మాత్రం 20 లక్షల దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన 4,23,077 రూపాయలు ఆ ఏడాది జీతంలో కలుస్తాయి. ఆయన 30 శాతం శ్లాబులో ఉంటే, సెస్సుతో కలిపి దీనిమీద పన్ను సుమారు 1,32,000 రూపాయలు. పాత పన్ను విధానం ఎంచుకున్నా, కొత్తది ఎంచుకున్నా ఈ మినహాయింపులో తేడా లేదు.

20 లక్షల లోపు ఏమొచ్చినా పన్నుండదని చాలామంది నమ్ముతారు. అది సరికాదు. చేతికొచ్చిన సొమ్ము, 15 రోజుల లెక్క, 20 లక్షలు, ఈ మూడింటిలో ఏది తక్కువైతే అంతవరకే మినహాయింపు. 60,000 జీతంతో 30 ఏళ్లు చేసిన వ్యక్తికి లెక్క ప్రకారం వచ్చేది 10,38,462. కంపెనీ ఉదారంగా 15 లక్షలిస్తే, పైనున్న 4,61,538 రూపాయలకు పన్ను కట్టాల్సిందే.

ఇంకో సంగతి, ఈ 20 లక్షలు జీవితం మొత్తానికి కలిపి. మన మేనేజర్ అంతకుముందు వేరే సంస్థలో 3 లక్షల గ్రాట్యుటీ తీసుకుని మినహాయింపు పొంది ఉంటే, ఇప్పుడు ఆయనకు మిగిలేది 17 లక్షలే. పాత కాగితం కొత్త కంపెనీ అకౌంట్స్ వాళ్ల దగ్గర ఉండదు కాబట్టి, చెప్పాల్సింది ఉద్యోగే.

కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు గ్రాట్యుటీ మొత్తం మీద పన్ను లేదు. బ్యాంకులు, ప్రభుత్వరంగ సంస్థల వాళ్లు మాత్రం ఆ వర్గంలోకి రారు, వాళ్లకూ ఈ పరిమితే.

సొమ్మంతా ఒక్క ఏడాదిలో రావడం వల్ల శ్లాబు పెరిగితే, 2026 మార్చి వరకు అందిన సొమ్ముకు సెక్షన్ 89 కింద ఊరట అడగొచ్చు. 15 ఏళ్లకు పైగా సర్వీసు ఉంటే, పన్ను పడే భాగాన్ని గత మూడేళ్లకు సమానంగా పంచి రేటు చూస్తారు. ఆ మూడేళ్లూ 30 శాతం శ్లాబులోనే ఉన్నవారికి దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండకపోవచ్చు. ప్రయోజనం ఉందని తేలితే మాత్రం, రిటర్ను వేయడానికి ముందే ఫారం 10ఇ దాఖలు చేయండి. అది లేకపోతే ఊరటను ఆదాయపన్ను శాఖ ఒప్పుకోదు.