మార్కప్, మార్జిన్

మార్కప్, మార్జిన్ అనేవి సరుకు కొని తిరిగి అమ్మే వ్యాపారి తన లాభాన్ని శాతంలో చెప్పే రెండు పద్ధతులు. లాభాన్ని కొన్న వెలతో పోల్చి చెబితే అది మార్కప్. అదే లాభాన్ని అమ్మిన వెలతో పోల్చి చెబితే అది మార్జిన్. రూపాయల్లో లాభం రెండింటిలోనూ ఒక్కటే. భాగహారంలో కింద వేసే సంఖ్య మాత్రం వేరు. ఈ తేడాను గమనించక ఒకదాని శాతాన్ని రెండవదానిగా భావించి ధర నిర్ణయించడం చిల్లర వ్యాపారంలో తరచుగా జరిగే పొరపాటు.

నిర్వచనం

ఒక వస్తువును 80 రూపాయలకు కొని 100 రూపాయలకు అమ్మితే లాభం 20 రూపాయలు. కొన్న వెల 80పై చూస్తే ఇది 25 శాతం, అమ్మిన వెల 100పై చూస్తే 20 శాతం. అనగా ఈ వస్తువుపై మార్కప్ 25 శాతం, మార్జిన్ 20 శాతం.

మార్కప్ = లాభం ÷ కొన్న వెల × 100
మార్జిన్ = లాభం ÷ అమ్మిన వెల × 100

మన పాఠశాల గణితంలో లాభశాతం అంటే ఎల్లప్పుడూ కొన్న వెల మీదనే. కాబట్టి బడిలో నేర్చుకున్న లాభశాతం మార్కప్ మాత్రమే. అయితే అదే పాఠంలో తగ్గింపును ప్రకటన వెల మీద లెక్కించమంటారు. ఒకే పాఠంలో రెండు వేర్వేరు ఆధారాలు ఉన్నాయని విద్యార్థికి విడమరచి చెప్పడం అరుదు. తరువాత వ్యాపారంలో జరిగే పొరపాటుకు బీజం ఇక్కడే ఉందనవచ్చు. "రూపాయికి పావలా లాభం" అనే వాడుకలోనూ ఇదే అస్పష్టత ఉంది. ఆ రూపాయి పెట్టుబడి పెట్టినదా, గల్లాపెట్టెలో పడినదా అన్నది చెప్పేవారికీ, వినేవారికీ వేరుగా తోచవచ్చు.

ఒకదాని నుండి మరొకటి

మార్కప్‌ను భిన్నంగా రాసుకుంటే మార్జిన్ కనుక్కోవడం తేలిక. పైన 1 ఉన్న భిన్నమైతే కింది సంఖ్యకు ఒకటి కలిపితే చాలు. 25 శాతం మార్కప్ అంటే నాలుగో వంతు, దాని మార్జిన్ ఐదో వంతు, అనగా 20 శాతం. 50 శాతం మార్కప్ అంటే రెండో వంతు, దాని మార్జిన్ మూడో వంతు. కొన్న వెలకు రెట్టింపు ధర పెడితే మార్కప్ 100 శాతం, మార్జిన్ 50 శాతం. ఇతర సంఖ్యలకు ఈ సూత్రం వాడవచ్చు:

మార్జిన్ = మార్కప్ ÷ (100 + మార్కప్) × 100

ఉదాహరణకు 30 శాతం మార్కప్‌కు 30ని 130తో భాగించగా సుమారు 23.08 శాతం మార్జిన్ వస్తుంది. వ్యాపారికి ఎక్కువగా కావలసినది దీనికి విలోమమైన లెక్క: కోరుకున్న మార్జిన్ రావాలంటే ఎంత ధర పెట్టాలి? అందుకు కొన్న వెలకు ఆ శాతాన్ని కలపకూడదు. 100 నుండి మార్జిన్‌ను తీసివేసి, మిగిలిన శాతంతో కొన్న వెలను భాగించాలి. 30 శాతం మార్జిన్ కావాలంటే కొన్న వెలను 0.70తో భాగించాలి.

మార్కప్‌కు పైహద్దు లేదు. మార్జిన్ మాత్రం, సరుకు ఉచితంగా వస్తే తప్ప, 100 శాతానికి చేరదు. ఎవరైనా "150 శాతం మార్జిన్" అంటే వారు చెబుతున్నది మార్కప్ అని వెంటనే గ్రహించవచ్చు.

పండుగ తగ్గింపు: ఒక ఉదాహరణ

ఇంటి నుండి చీరలు అమ్మే ఒక గృహిణి మంగళగిరి నూలు చీరలు 100 తెచ్చారనుకుందాం. రవాణా ఖర్చుతో కలిపి ఒక్కొక్కటి 1,200 రూపాయలు పడింది. మొత్తం పెట్టుబడి 1,20,000 రూపాయలు. 30 శాతం లాభం చాలుననుకుని, 1,200కు 360 కలిపి, 1,560 రూపాయలు ధర పెట్టారు. ఆ ధరకు 40 చీరలు అమ్ముడయ్యాయి. దసరా దగ్గర పడడంతో మిగిలిన 60 చీరలకు 25 శాతం తగ్గింపు ప్రకటించారు. "30లో 25 పోయినా ఇంకా 5 శాతం మిగులుతుంది, సరుకూ కదులుతుంది" అని ఆమె లెక్క.

1,560లో 25 శాతం 390 రూపాయలు. తగ్గింపు పోగా చీర ధర 1,170. అనగా 1,200 పెట్టి కొన్న చీరపై 5 శాతం మిగలకపోగా 30 రూపాయలు చేతి నుండి పోయాయి. కలిపినది 1,200లో 30 శాతం, తీసివేసినది 1,560లో 25 శాతం. ఆధారాలు వేరైనప్పుడు 30 నుండి 25 తీసివేయడానికి అర్థం లేదు. ఈ చీరపై మార్జిన్ 23.08 శాతం మాత్రమే గనుక, తగ్గింపు అంతకు మించితే నష్టం తప్పదు.

మొత్తం లెక్క చూస్తే, మొదటి 40 చీరలకు 62,400 రూపాయలు, తరువాతి 60 చీరలకు 70,200 రూపాయలు, వెరసి 1,32,600 రూపాయలు వచ్చాయి. పెట్టుబడి పోగా మిగిలినది 12,600. చీరకు 5 శాతం, అనగా 60 రూపాయలు మిగులుతుందనుకున్న ఆమె అంచనా ప్రకారం 18,000 మిగలాలి. ఒక్కో చీరకు సంచీకి, కొరియర్‌కు 60 రూపాయల చొప్పున తీసివేస్తే చివరికి దక్కేది 6,600 మాత్రమే. ఈ పొరపాటు వెంటనే బయటపడదు. పండుగ రోజుల్లో అమ్మకాలు జోరుగా సాగి, చేతిలో డబ్బు ఆడుతూ ఉంటుంది. నష్టం తెలిసేది మళ్లీ సరుకు తేవడానికి వెళ్లినప్పుడు, చేతిలోని సొమ్ము అనుకున్నన్ని చీరలకు చాలకపోయినప్పుడు.

30 శాతాన్ని మార్జిన్‌గా తీసుకుని ఉంటే ధర 1,200 ÷ 0.70, అనగా దాదాపు 1,715 రూపాయలు అయ్యేది. దానిపై 25 శాతం తగ్గించినా 1,286 రూపాయలు వచ్చి, 86 రూపాయలు మిగిలేవి. ఇది 1,715లో దాదాపు 5 శాతం. ఇక్కడ లాభమూ, తగ్గింపూ ఒకే ధర మీద లెక్కించినవి గనుక తీసివేత చెల్లింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. పక్క వీధిలో అదే చీర 1,560కే దొరుకుతుంటే 1,715 ఎవరిస్తారు? నిజమే. ధరను బజారు నిర్ణయిస్తుంది, సూత్రం కాదు. అప్పుడు మార్చుకోవలసినది ధరను కాదు, తగ్గింపును. 1,560 ధరపై 10 శాతం తగ్గించినా లాభం 360 నుండి 204కు దిగుతుంది. 100 చీరలపై రావలసిన 36,000 లాభం అప్పుడు రావాలంటే 177 చీరలు అమ్మవలసి ఉంటుంది. అన్ని చీరలు అమ్మగలమా అన్నది తగ్గింపు బల్ల కట్టకముందే చూసుకోవలసిన ప్రశ్న.

కమీషన్ల విషయం

తగ్గింపు ఒక్కటే కాదు, అమ్మకం తరువాత వ్యాపారి ఇచ్చే అనేక కోతలు అమ్మిన వెల మీదనే పడతాయి. ఆన్‌లైన్ అంగళ్లు తీసుకునే కమీషన్, కార్డు చెల్లింపుపై పడే రుసుము ఇటువంటివే. అదే 1,200 రూపాయల చీరకు 20 శాతం కలిపి 1,440కి అమ్మి, 18 శాతం కమీషన్ ఇచ్చామనుకుందాం. కమీషన్ 259 రూపాయలు, లాభం 240 రూపాయలు. 2 శాతం మిగలవలసిన చోట 19 రూపాయలు నష్టం వచ్చింది. ఇటువంటి కోతలన్నిటికీ ఆధారం ఒకే అమ్మిన వెల అయినప్పుడు వాటిని నేరుగా కూడవచ్చు. కమీషన్ 18, చెల్లింపు రుసుము 2, తనకు కావలసిన లాభం 10 అనుకుంటే మొత్తం 30 శాతం. ధర మళ్లీ 1,200 ÷ 0.70 అవుతుంది.

సరుకు లెక్కలో పొరపాటు

ఈ తికమక వల్ల డబ్బుతో పాటు మనుషుల మధ్య నమ్మకం కూడా పోయే సందర్భం ఒకటుంది. ఒక దుకాణదారు ప్రతి వస్తువుకూ కొన్న వెలపై 25 శాతం కలిపి అమ్ముతారు. నెల అమ్మకం 5,00,000 రూపాయలు. లాభం 25 శాతం గనుక 1,25,000 తీసివేసి, అమ్ముడైన సరుకు అసలు ఖరీదు 3,75,000 అని లెక్కిస్తారు. అలమరాల్లో సరుకు లెక్కపెడితే 4,00,000 ఖరీదు చేసే సరుకు తగ్గి ఉంటుంది. 25,000 రూపాయల సరుకు ఎక్కడికి పోయినట్లు? అనుమానం సాధారణంగా కొట్లో పనిచేసే కుర్రవాడి మీదకు పోతుంది.

పోయినది ఏమీ లేదు. 25 శాతం మార్కప్‌తో అమ్మిన సరుకు అసలు ఖరీదు తెలియాలంటే అమ్మకాన్ని 1.25తో భాగించాలి. 5,00,000 ÷ 1.25 సరిగ్గా 4,00,000 అవుతుంది. కాబట్టి సరుకు తక్కువైందని అనుకునే ముందు మార్కప్‌ను మార్జిన్‌గా మార్చి చూడాలి. ఆ తరువాత కూడా తేడా మిగిలితేనే అది చెడిపోయిన సరుకో, తూకంలో పోయినదో, లెక్క రాయని తగ్గింపో, దొంగతనమో అని విచారించవలసి ఉంటుంది.

ఔషధ ధరలలో

మార్జిన్ అనే మాట ప్రభుత్వ ఉత్తర్వులలో కూడా ఎప్పుడూ ఒకే అర్థంలో రాదు. 1995 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, నియంత్రణలో ఉన్న మందులను చిల్లర వ్యాపారికి చిల్లర ధరలో 16 శాతం తగ్గించి ఇవ్వాలి. సుంకం మినహా చిల్లర ధర 100 రూపాయలైతే దుకాణానికి 84కు వస్తుంది. ఇది అసలైన మార్జిన్. దాని స్థానంలో వచ్చిన 2013 నాటి ఉత్తర్వు కూడా చిల్లర వ్యాపారికి 16 శాతం మార్జిన్ అనే అంటుంది. అయితే అది చిల్లర వ్యాపారి కొనే ధరపై 16 శాతం. అనగా, పేరు మార్జిన్ అయినా లెక్క మార్కప్. 100 రూపాయల చిల్లర ధరలో దుకాణదారు వాటా 16 నుండి సుమారు 13.79కి తగ్గింది. రెండు ఉత్తర్వులలోనూ అంకె మాత్రం 16గానే ఉంది.

కోవిడ్ రెండో విడత సమయంలో, 2021 జూన్‌లో, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లపై వ్యాపార మార్జిన్‌ను ప్రభుత్వం 70 శాతానికి పరిమితం చేసింది. అంతకు ముందు పంపిణీదారు స్థాయిలో మార్జిన్ 198 శాతం వరకు ఉందని ప్రకటించింది. 100 దాటిన మార్జిన్ ఉండదు గనుక ఈ అంకెలు అమ్మిన వెల మీద లెక్కించినవి కావు. ఉత్తర్వులోనే పంపిణీదారు కొనే ధరపై అని ఉంది. పన్ను మినహాయించి చూస్తే, అమ్మిన వెలపై 70 శాతం దాదాపు 41 శాతానికి, 198 శాతం దాదాపు 66 శాతానికి సమానం.

పన్ను కలిసిన ధరలు

వస్తువు మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులు కలిసి ఉంటాయి. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారి తాను వసూలు చేసిన పన్నును ప్రభుత్వానికి కట్టాలి. కొన్నప్పుడు కట్టిన పన్ను అందులో జమ అవుతుంది. కాబట్టి రెండు ధరలనూ పన్ను తీసివేసే చూడాలి. పన్ను లేని కొన్న వెల 1,200, అమ్మిన వెల 5 శాతం పన్నుతో 1,575 అయితే, అసలు అమ్మిన వెల 1,500, మార్జిన్ 20 శాతం. 1,575 నుండి 1,200 తీసివేసి లెక్కిస్తే 23.8 శాతం అని కనిపిస్తుంది. ఇక్కడ కూడా 5 శాతం పన్నును తొలగించాలంటే 1,575ను 1.05తో భాగించాలే గాని, అందులో 5 శాతం తీసివేయకూడదు.