రెప్లికా వెనకబడినప్పుడు జాబ్ ఎందుకు ఆగాలి?

ఒక డేటాబేస్‌కు మరో కంప్యూటర్‌లో ఎప్పటికప్పుడు తయారవుతూ ఉండే నకలును రెప్లికా అంటారు. కొత్త వివరాలు చేర్చడం, ఉన్నవాటిని మార్చడం ప్రధాన డేటాబేస్‌లోనే జరుగుతుంది. దాని మీద భారం తగ్గించడానికి, చదివే పనులను వీలైనంతవరకు రెప్లికాకు అప్పగిస్తారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఈ సదుపాయం 2010లో వచ్చిన 9.0 వెర్షన్ నుంచి ఉంది. ప్రధాన డేటాబేస్ తాను చేసే ప్రతి మార్పునూ వాల్ అనే లాగ్‌లో నమోదు చేస్తుంది. ఆ లాగ్ రెప్లికాకు చేరుతూ ఉంటుంది. రెప్లికా అందులోని మార్పులను వచ్చిన వరసలోనే తన దగ్గర మళ్లీ అమలు చేసుకుంటుంది.

మామూలు రోజుల్లో ఈ అంతా సెకనులో చిన్న భాగంలో ముగుస్తుంది. కొన్నిసార్లు మాత్రం రెప్లికా వెనకబడుతుంది. ఈ వెనకబాటునే ల్యాగ్ అంటారు. దానికి సాధారణంగా రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, ప్రధాన డేటాబేస్‌లో ఒకేసారి లక్షల వరుసలు మారడం. రెండోది, రెప్లికా మీదే ఎవరో పెద్ద రిపోర్టు నడపడం. ఆ రిపోర్టు చదువుతున్న వరుసలకు లాగ్‌లోని మార్పు అడ్డొస్తే, పోస్ట్‌గ్రెస్ ఆ మార్పునే కాసేపు ఆపుతుంది. `max_standby_streaming_delay` అనే సెట్టింగ్‌ను ఎవరూ మార్చకపోతే ఈ ఆగడం 30 సెకన్ల వరకు ఉండవచ్చు.

ల్యాగ్ వల్ల ఎక్కువ చిక్కుల్లో పడేవి పెండింగ్ వరుసలను ఏరుకుని పనిచేసే జాబ్‌లు. కరెంటు బిల్లు గడువును ఎస్సెమ్మెస్ ద్వారా గుర్తుచేసే వ్యవస్థ ఒకటి ఉందనుకుందాం. అందులో ఒక జాబ్ నిమిషానికోసారి మొదలై, `status` గడిలో `pending` అని ఉన్న వరుసలను రెప్లికా నుంచి చదువుతుంది. ఒక్కొక్కరికీ ఎస్సెమ్మెస్ పంపి, ప్రధాన డేటాబేస్‌లో ఆ గడిని `sent`గా మారుస్తుంది.

ఉదయం 10 గంటలకు జాబ్ 300 పెండింగ్ వరుసలు చదివి పని మొదలుపెట్టింది. అది పంపుతుండగానే మరో ప్రోగ్రాం లక్షల ఖాతాలకు ఆలస్య రుసుము లెక్కగట్టి రాసేసింది. 10 గంటల 40 సెకన్లకు ఎస్సెమ్మెస్‌లన్నీ వెళ్లిపోయాయి, 300 వరుసలూ `sent` అయ్యాయి. అయితే లాగ్‌లో రుసుము మార్పులు ముందున్నాయి, `sent` మార్పులు వాటి వెనక ఉన్నాయి. రెప్లికా వరస తప్పదు కాబట్టి ముందున్న లక్షల మార్పులు పూర్తయ్యాకే వెనకున్నవాటికి వస్తుంది. 10:01కి మళ్లీ మొదలైన జాబ్‌కు ఆ 300 వరుసలు ఇంకా పెండింగ్‌గానే కనిపిస్తాయి. 300 మందికీ అదే సందేశం రెండోసారి వెళుతుంది. పంపేది సందేశం కాక డబ్బయితే, రెండుసార్లు చెల్లింపు జరుగుతుంది.

ఇందులో ఒక తేడాను గమనించాలి. కొత్తగా చేరిన పెండింగ్ వరుస రెప్లికాలో కనిపించకపోతే పెద్ద నష్టం లేదు, తర్వాతి నిమిషంలో కనిపిస్తుంది. పని పూర్తయిన వరుస ఇంకా పెండింగ్‌గా కనిపించడమే ప్రమాదం. జాబ్‌ను ఆపేది ఈ రెండో పరిస్థితి కోసమే.

ఆపాలా వద్దా అన్నది సెకన్లలో కొలిస్తే పొరపాటు పడే అవకాశం ఉంది. చాలామంది రెప్లికాలో చివరగా అమలైన మార్పు సమయాన్ని `pg_last_xact_replay_timestamp()` ద్వారా అడిగి, ఇప్పటి సమయంలోంచి తీసేస్తారు. రాత్రి వేళ ప్రధాన డేటాబేస్‌లో గంటసేపు ఏ మార్పూ జరగకపోతే, రెప్లికాకు కొరత ఏమీ లేకపోయినా ఈ లెక్క గంట ల్యాగ్ చూపిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లోని `Seconds_Behind_Source` ఇబ్బంది ఇంకో రకం. రెప్లికేషన్ ఆగిపోయినప్పుడు అది `NULL` చూపిస్తుంది. దాన్ని సున్నాగా తీసుకునే ప్రోగ్రాం, అంతా సవ్యంగా ఉందనుకుని ముందుకు వెళుతుంది.

లాగ్‌లో స్థానాన్ని పోల్చడం ఇంతకంటే నమ్మదగిన పద్ధతి. వాల్‌లో ప్రతి చోటుకూ ఎల్‌ఎస్‌ఎన్ అనే సంఖ్య ఉంటుంది, అది పెరుగుతూనే పోతుంది. జాబ్ మొదలవగానే ప్రధాన డేటాబేస్‌ను దాని ప్రస్తుత స్థానం అడుగుతుంది. తర్వాత రెప్లికా ఆ స్థానం దాకా వచ్చిందో లేదో చూస్తుంది.

```sql
-- ప్రధాన డేటాబేస్‌లో
SELECT pg_current_wal_lsn();
-- రెప్లికాలో
SELECT pg_last_wal_replay_lsn() >= '5/A0000000';
```

పై ఉదాహరణలో 10:01కి ప్రధాన డేటాబేస్ `5/A0000000` దగ్గర, రెప్లికా `5/9C000000` దగ్గర ఉన్నాయనుకుందాం. మధ్య దూరం 64 మెగాబైట్లు. జాబ్ ఒక్క వరుస కూడా చదవకుండా, పది సెకన్ల తర్వాత మళ్లీ రమ్మని తనను తానే క్యూలో వేసుకుని తప్పుకుంటుంది. 10:01:10కి రెప్లికా `5/9E000000` చేరింది, ఇంకా 32 మెగాబైట్లు మిగిలాయి. మరో పది సెకన్లకు గుర్తు దాటింది. అప్పుడు చదివితే ఆ 300 వరుసలూ `sent`గా ఉంటాయి, కొత్తవి మాత్రమే చేతికొస్తాయి.

ఈ పద్ధతి పనిచేయాలంటే కొన్ని జాగ్రత్తలు పాటించాలి. మొదటిసారి తీసుకున్న గుర్తునే జాబ్ వెంట ఉంచుకోవాలి. ప్రతిసారీ కొత్త గుర్తు తీసుకుంటే, ప్రధాన డేటాబేస్ తీరిక లేకుండా నడుస్తున్న వేళ గుర్తు ముందుకు జరుగుతూనే ఉంటుంది, రెప్లికా దాన్ని ఎప్పటికీ అందుకోకపోవచ్చు. రెప్లికాలు రెండు మూడు ఉన్నచోట, స్థానం అడిగిన రెప్లికా నుంచే వరుసలూ చదవాలి. ఒకదాన్ని అడిగి ఇంకోదాంట్లో చదివితే పరీక్ష వృథా. ఎదురుచూసే జాబ్ నిద్రపోతూ వర్కర్‌ను ఆక్రమించుకోకూడదు, క్యూలోకి తిరిగి వెళ్లాలి. ఈ వాయిదాను వైఫల్యాల లెక్కలోనూ చేర్చకూడదు.

వాయిదాలకు ఒక హద్దు కూడా ఉండాలి. గిట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో జాబ్‌కు `data_consistency :delayed` అని నిర్దేశిస్తే ఇలాంటి ఏర్పాటే నడుస్తుంది. క్యూలో చేరేటప్పటి వాల్ స్థానం జాబ్ వెంట ఉంటుంది. రెప్లికా అక్కడికి చేరకపోతే జాబ్ వాయిదా పడుతుంది, మళ్లీ వచ్చినప్పటికీ చేరకపోతే ప్రధాన డేటాబేస్ నుంచే చదువుతుంది. తప్పక జరగాల్సిన పనులకు ఇది సరైన దారి. అయితే అన్ని జాబ్‌లూ ఒక్కసారిగా ప్రధాన డేటాబేస్ మీద పడితే, అప్పటికే భారంతో ఉన్నది ఇంకా నెమ్మదిస్తుంది. ఆగినా ఫర్వాలేని జాబ్ ఆ విడతను వదిలేసి, నిర్వాహకులకు హెచ్చరిక పంపితే చాలు.

వాయిదా ఒక్కటే పూర్తి రక్షణ కాదు. ఒకే సమయంలో రెండు జాబ్‌లు నడిచినా ఒకే వరుస రెండింటికీ చిక్కవచ్చు. అందుకే పంపే ముందు ప్రతి వరుసనూ ప్రధాన డేటాబేస్‌లోనే తన పేరిట పట్టుకోవాలి.

```sql
UPDATE reminders SET status = 'sending'
WHERE id = 4127 AND status = 'pending'
RETURNING id;
```

ఇది వరుసను తిరిగి ఇస్తేనే సందేశం పంపాలి. ఏమీ రాకపోతే ఆ పని ఇంకెవరో తీసుకున్నట్టే. రెండుసార్లు పంపకుండా ఆపేది నిజానికి ఈ మెట్టే. మధ్యలో జాబ్ కూలిపోతే వరుస `sending` దగ్గరే నిలిచిపోతుంది కాబట్టి, అలాంటివాటిని వెతికి సరిచూసే ఏర్పాటు వేరుగా ఉండాలి. వాయిదా వల్ల పాతబడిన వరుసల కోసం ప్రధాన డేటాబేస్‌ను వందలసార్లు వృథాగా తట్టే పని తప్పుతుంది.

ప్రతి వాయిదానూ, అప్పుడున్న దూరంతో సహా, లాగ్‌లో నమోదు చేస్తే ల్యాగ్ ఎక్కడ పుడుతోందో తెలుస్తుంది. వాయిదాలు రోజూ ఒకే సమయానికి వస్తుంటే, ఆ వేళ నడిచే రిపోర్టునో, భారీ మార్పునో వెతకాలి. భారీ మార్పును చిన్న విడతలుగా చేసి, విడత విడతకూ మధ్య రెప్లికా అందుకునేదాకా ఆగితే చాలా వాయిదాల అవసరమే రాదు.