ఆటో డెబిట్ పదే పదే ఫెయిలవుతోందా? కిస్తీపై జరిమానాలు ఆపే దారి ఇదీ

పవర్ టిల్లర్, ట్రాక్టర్, బైకు వంటివి ఫైనాన్స్ మీద తీసుకున్నప్పుడు కంపెనీ వారు మీతో ఒక ఫారం మీద సంతకం పెట్టించుకుంటారు. లేదా ఫోనుకు ఓటీపీ పంపి ఒప్పుకోమంటారు. దాన్నే మాండేట్ అంటారు. ప్రతి నెలా ఫలానా తేదీన ఫలానా ఖాతా నుంచి కిస్తీ డబ్బు తీసుకోవచ్చని మీరు ఇచ్చే అనుమతి అది. ఆ రోజు డబ్బు రాకపోతే రెండు చోట్ల ఛార్జీ పడుతుంది. మీ బ్యాంకు ఒకటి వేస్తుంది, అప్పిచ్చిన కంపెనీ ఇంకొకటి వేస్తుంది. ఆలస్యమైన రోజులకు జరిమానా వేరు.

ఒకసారి తప్పితే దిద్దుకోవచ్చు. నెల నెలా తప్పుతుంటే మాత్రం దానికి ఒక కారణం ఉంటుంది. ఆ కారణం తెలుసుకోకుండా డబ్బు కడుతూ పోతే ఛార్జీలు ఆగవు.

పాత ఛార్జీయే కొత్త కిస్తీని ఎలా తప్పిస్తుంది

ఆనందపురం మండలంలో బంతి, చామంతి వేసే ఒక రైతు లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసమే. మీ బ్యాంకులో, మీ కంపెనీలో ఛార్జీలు వేరుగా ఉండవచ్చు.

పవర్ టిల్లర్ కిస్తీ రూ.9,200. ప్రతి నెలా 5వ తేదీన కట్ కావాలి. జులై 5న ఖాతాలో రూ.40 మాత్రమే ఉంది. కిస్తీ తిరిగి వెళ్లింది. బ్యాంకు ఛార్జీ రూ.295. ఖాతాలో ఉన్న రూ.40 పట్టుకుని, మిగతా రూ.255 బాకీగా రాసుకుంది. రైతు 8వ తేదీన కంపెనీ ఆఫీసుకు వెళ్లి రూ.9,200 కట్టి రసీదు తెచ్చుకున్నాడు. పని అయిపోయిందనుకున్నాడు.

ఆగస్టు 4న ఖాతాలో సరిగ్గా రూ.9,200 వేశాడు. డబ్బు పడగానే బ్యాంకు తన పాత బాకీ రూ.255 తీసుకుంది. మిగిలింది రూ.8,945. మర్నాడు కిస్తీ మళ్లీ తిరిగి వెళ్లింది. బ్యాంకు ఇంకో రూ.295 వేసింది. కంపెనీ రెండు నెలలకూ రూ.590 చొప్పున బౌన్స్ ఛార్జీ రాసింది. మొత్తం రూ.1,770. రెండోసారి తక్కువైంది రూ.255 మాత్రమే.

కాబట్టి ఒకసారి బౌన్స్ అయిన తర్వాతి నెల కిస్తీ మొత్తం ఒక్కటే వేస్తే చాలదు. ముందు పాస్‌బుక్ ప్రింట్ చేయించి, ఎంత ఛార్జీ పట్టుకున్నారో, ఇంకెంత బాకీ ఉందో చూసుకోండి. ఆ బాకీకి ఒక రూ.500 కలిపి, కిస్తీతో పాటు ఖాతాలో ఉంచండి.

ఇంకో సంగతి. బౌన్స్ అయిన కిస్తీని కొన్ని కంపెనీలు అదే నెలలో మళ్లీ బ్యాంకుకు పంపుతాయి. మీరు ఆఫీసులో కట్టేసినా, ఆ సంగతి వారి లెక్కలో ఎక్కకముందే రెండోసారి పంపితే మళ్లీ బౌన్స్ అవుతుంది. డబ్బు కట్టేటప్పుడే "ఈ నెల మళ్లీ బ్యాంకుకు పంపుతారా?" అని అడిగి, పంపవద్దని రాతపూర్వకంగా ఇవ్వండి.

డబ్బు ఉన్నా ఎందుకు ఫెయిలవుతుంది

మొదట చూడాల్సింది మాండేట్ ఏ ఖాతా మీద ఉందన్నది. పీఎం కిసాన్ వంటి ప్రభుత్వ డబ్బు ఆధార్‌కు జోడించిన ఖాతాలో పడుతుంది. కిస్తీ మాత్రం మాండేట్‌లో రాసిన ఖాతా నుంచే పోతుంది. ఈ రెండూ వేర్వేరు బ్యాంకులైతే, ఒక దాంట్లో డబ్బు ఉండగానే రెండో దాంట్లో కిస్తీ బౌన్స్ అవుతుంది.

రెండోది బ్యాంకుల విలీనం. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. మన ప్రాంతంలోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు కిందికి వచ్చాయి. విలీనం తర్వాత ఖాతా నంబరు గానీ ఐఎఫ్ఎస్‌సీ కోడ్ గానీ మారితే, పాత వివరాలతో ఉన్న మాండేట్ తిరిగి రావచ్చు. మీవి మారాయో లేదో బ్రాంచిలో అడిగి, మారితే కంపెనీకి తెలపండి.

మూడోది కేవైసీ. కేవైసీ గడువు దాటి ఖాతా నిలిపివేసినా, రెండేళ్లుగా మీరు లావాదేవీ చేయక ఖాతా నిద్రలో ఉన్నా డెబిట్ జరగదు. ఆధార్, పాన్, ఫొటో తీసుకెళ్లి కేవైసీ పూర్తి చేయాలి.

వీటిలో మీది ఏదో ఊహించనక్కరలేదు. తిరిగి వెళ్లిన ప్రతి కిస్తీకీ ఒక కారణం నమోదవుతుంది. బ్రాంచికి వెళ్లి "నా మాండేట్ రిటర్న్ కారణం చెప్పండి" అని అడగండి. మాండేట్‌కు UMRN అనే నంబరు ఉంటుంది. కంపెనీ దగ్గర అది తీసుకుని వెళ్తే వెతకడం సులువు.

సరిచేసుకునే పద్ధతి

ఖాతా మార్చాలంటే కంపెనీకి కొత్త మాండేట్ ఇచ్చి, పాతది రద్దు చేయమని రాసివ్వండి. కొత్తది నమోదు కావడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పట్టవచ్చు. ఈలోగా వచ్చే కిస్తీని గడువుకు ముందే ఆఫీసులో గానీ యూపీఐ ద్వారా గానీ కట్టి రసీదు దాచుకోండి. కొత్త ఖాతా నుంచి మొదటి కిస్తీ కట్ అయ్యే దాకా పాత ఖాతాను ఖాళీ చేయకండి.

డబ్బు చేతికొచ్చే రోజుకు, కిస్తీ తేదీకి పొంతన లేకపోతే తేదీ మార్చమని అడగండి. స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో కాంట్రాక్టు పనికి వెళ్లే కొడుకు జీతం 10న వస్తుంటే, 5వ తేదీ కిస్తీ ఎప్పుడూ ఇబ్బందే. పంట మీదే ఆధారపడితే మూడు లేదా ఆరు నెలల కిస్తీ కుదురుతుందేమో కనుక్కోండి. ట్రాక్టర్ అప్పులకు చాలా కంపెనీలు ఇలా ఇస్తాయి.

2021 ఆగస్టు 1 నుంచి ఈ డెబిట్ విధానం ఆదివారాలు, సెలవు రోజుల్లోనూ పనిచేస్తోంది. 5వ తేదీ ఆదివారమైతే శనివారానికే డబ్బు ఖాతాలో ఉండాలి. ఉదయాన్నే డెబిట్ రావచ్చు కాబట్టి అదే రోజు వేద్దామనుకోవద్దు.

ఛార్జీలు ఎక్కువ వేశారనిపిస్తే

కంపెనీ నుంచి అప్పు ఖాతా స్టేట్‌మెంట్ తీసుకోండి. మీరు కట్టిన సొమ్మును ముందు ఛార్జీల కింద జమ చేసుకుని, కిస్తీని బాకీగా చూపారేమో గమనించండి. రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టు 18న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆలస్యానికి ఛార్జీ వేయవచ్చు గానీ దాన్ని అదనపు వడ్డీ రూపంలో వేయకూడదు. ఆ ఛార్జీ మీద మళ్లీ వడ్డీ కూడా వేయకూడదు.

తప్పు మీది కాకపోతే, రిటర్న్ కారణం, రసీదులు జతచేసి ఛార్జీ తీసేయమని రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయండి.

డబ్బు లేక డెబిట్ తిరిగి వెళ్లడం చెక్ బౌన్స్ లాంటిదే. 2007 నాటి చెల్లింపుల చట్టం సెక్షన్ 25 కింద కేసు పెట్టే వీలుంది. దాని కింద కంపెనీ నుంచి నోటీసు వస్తే పక్కన పడేయవద్దు. అందిన 15 రోజుల్లోగా ఆ సొమ్ము కట్టి, రసీదు తీసుకోండి.